3.7 పరిశోధన నైతికత: తల్లిదండ్రుల సమ్మతి, పిల్లల అంగీకారం

ఇంట్లో కోయ మాట్లాడే పిల్లలు బడిలో తెలుగు చదవడం ఎలా నేర్చుకుంటున్నారో తెలుసుకోవడానికి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని రెండు ఆశ్రమ పాఠశాలల్లో, ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో పనిచేశాను. పాల్గొన్న పిల్లలు 3 నుంచి 7వ తరగతి వాళ్లు, 8 నుంచి 13 ఏళ్ల వయసువాళ్లు. క్షేత్రపనికి ముందే విశ్వవిద్యాలయ నైతిక సమీక్షా సంఘం ఆమోదం, సంబంధిత అధికారుల రాతపూర్వక అనుమతి తీసుకున్నాను. అనుమతి అంటే బడి గేటు లోపలికి రానిచ్చే కాగితం, అంతే. దాన్ని నేను ఎక్కడా సమ్మతిగా లెక్కించలేదు.

ఈ విభాగంలో ‘సమ్మతి’ అన్నప్పుడు విషయమంతా తెలుసుకుని తల్లి గానీ తండ్రి గానీ చట్టబద్ధ సంరక్షకులు గానీ ఇచ్చే ఒప్పుకోలు అని అర్థం. ‘అంగీకారం’ బిడ్డ సొంతంగా చెప్పే మాట. సమ్మతి ఉన్నా బిడ్డ వద్దంటే వద్దే. 2017 నాటి ఐసీఎంఆర్ జాతీయ నైతిక మార్గదర్శకాల ప్రకారం 7 నుంచి 12 ఏళ్ల పిల్లల నుంచి నోటిమాటగా, 12 దాటి 18 లోపు వాళ్ల నుంచి రాతపూర్వకంగా అంగీకారం తీసుకోవాలి. అవి వైద్య, ఆరోగ్య పరిశోధనల కోసం రాసినవైనా, పిల్లల విషయంలో అంతకు తగ్గిన ప్రమాణం పెట్టుకోవడానికి నాకు కారణం కనిపించలేదు. తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల అభిప్రాయానికి విలువ ఇవ్వాలన్న ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందంలోని 12వ అధికరణం కూడా ఇక్కడ వర్తిస్తుంది. భారత్ 1992లో ఆ ఒప్పందంలో చేరింది.

ఈ జిల్లాలో సమ్మతి గురించి రాస్తూ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా 2009 నాటి ప్రాజెక్టును దాటిపోలేం. అప్పటి ఉమ్మడి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు ఆ టీకాలు వేశారు. చాలా ఫారాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారని తర్వాత బయటపడింది. 2010లో ప్రాజెక్టు ఆగింది, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం సమ్మతి తీసుకున్న తీరును గట్టిగా తప్పుపట్టింది. నాది టీకా కాదు, చదువు గురించిన నాలుగు ప్రశ్నలు. అయినా బిడ్డ తరఫున సంతకం ఎవరు పెడతారన్న ప్రశ్న అదే. వార్డెన్ పిల్లలకు అన్నం పెడతారు, జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్తారు. అంతమాత్రాన సంరక్షకులు అయిపోరు. అందుకే ఒక్క ఫారం మీద కూడా వార్డెన్ చేత గానీ హెడ్‌మాస్టర్ చేత గానీ సంతకం పెట్టించలేదు.

దీంతో పని రెండు నెలలు వెనక్కి పోయింది. ఆశ్రమ పాఠశాలలకు తల్లిదండ్రులు ఎక్కువగా ఆదివారం వస్తారు, మిరప కోతలప్పుడు అదీ ఉండదు. రాలేనివాళ్ల కోసం గూడేలకు వెళ్లాను. కోయ, తెలుగు రెండూ వచ్చిన స్థానిక యువతి ఒకరు నాతో ఉండి ప్రతి మాటా కోయలో చెప్పారు. ఆమెకు ఆ బడులతో సంబంధం లేకుండా చూసుకున్నాను. వేలిముద్ర అనగానే చాలామంది వెనక్కి తగ్గారు. పోడు భూముల కాగితాలతో పడ్డ తిప్పల తర్వాత తెలియని కాగితం మీద వేలు పెట్టాలంటే భయం ఉంటుంది, ఆ భయం సబబే. అలాంటి చోట ఒక సాక్షి ఎదుట నోటిమాట సమ్మతినే రికార్డు చేశాను. తల్లిదండ్రులు లేని ఇద్దరు పిల్లల విషయంలో, వాళ్లను పెంచుతున్న అమ్మమ్మలను అడిగాను.

“సారు సరే అన్నాడు కదా, ఇంక మమ్మల్నెందుకు అడగడం?” అనే మాట చాలాసార్లు వినిపించింది. దాన్ని సమ్మతిగా రాసుకోలేదు. వద్దంటే పిల్లాడి భోజనానికి, సీటుకు, మార్కులకు ఏమీ కాదని చెప్పి, ఒక వారం ఆగి మళ్లీ అడిగాను. 53 కుటుంబాల్లో నాలుగు వద్దన్నాయి.

పిల్లల దగ్గర నా మొదటి ప్రయత్నం చెడింది. ఒక బడిలో ఉపాధ్యాయుడు సాయం చేద్దామనుకుని తరగతి ముందు నిలబడి, “మేడం అడిగినవన్నీ చెప్తారు కదా?” అన్నారు. “చెప్తాం సార్!” అని అందరూ ఒక్క గొంతుతో అరిచారు. బడిలో ఆ ప్రశ్నకు ఇంకో జవాబు ఉండదు. ఆ రోజు అంగీకారాలన్నీ పక్కన పెట్టేశాను. రెండు వారాల తర్వాత ఒక్కొక్కరినీ వేరుగా, ఉపాధ్యాయులు లేనప్పుడు, తలుపు తీసి ఉన్న గదిలో మళ్లీ అడిగాం. తల్లిదండ్రుల సమక్షంలో ఒకసారి అడిగినా, అమ్మ ముందు కాదనడం కూడా కష్టమే కాబట్టి మర్నాడు మరోసారి అడిగాం. అప్పుడు చెప్పిన మాటలు ఇవి, కోయలోనూ తెలుగులోనూ:

“నేను టీచర్‌ని కాదు. మీరు తెలుగు ఎలా చదువుతున్నారో తెలుసుకుని ఒక పెద్ద పుస్తకం రాస్తున్నా. నీతో మూడుసార్లు, ఒక్కోసారి అరగంట మాట్లాడతా. ఒక కథ చదవమంటా. తప్పు చదివినా పర్లేదు, మార్కులు లేవు. నీకు ఇష్టం లేకపోతే వద్దు అను, ఎవరూ ఏమీ అనరు. ఇవాళ సరే అని రేపు వద్దనొచ్చు. నువ్వు చెప్పింది మీ సార్‌కి చెప్పను. కానీ నిన్ను ఎవరైనా బాధపెడుతున్నారని తెలిస్తే, నీకు సాయం చేయగలిగిన పెద్దవాళ్లకు చెప్పాల్సి వస్తుంది. ఇప్పుడు నేనేం చెప్పానో నాకు చెప్పు.”

చివరి వాక్యమే అసలు పరీక్ష. తిరిగి చెప్పలేకపోతే మొదటి నుంచి చెప్పాం. జవాబు నోటితో చెప్పనక్కర్లేదు. రెండు డబ్బాలు పెట్టి, నేను అటు తిరిగాక చింతపిక్కను ఏదో ఒక దాంట్లో వేయమన్నాం. 49 మందిలో ఐదుగురు ‘వద్దు’ డబ్బాలో వేశారు. నోటితో అడిగి ఉంటే ఆ ఐదుగురూ సరే అనేవాళ్లని నా నమ్మకం. 12 దాటినవాళ్లు ఆ తర్వాత ఫారం మీద తమ పేరు రాశారు. రికార్డింగ్‌కు వేరుగా అడిగాను. ఏడుగురు ఫోన్ వద్దన్నారు, వాళ్లవి చేత్తో రాసుకున్నాను.

అంగీకారం ఒక్కరోజుతో తీరిపోయేది కాదు. ప్రతిసారీ బల్ల మీద ‘చాలు’ అని రాసిన అట్టముక్క పెట్టాను. ఒక అమ్మాయి రెండో ప్రశ్నకే దాన్ని ఎత్తి నా ముఖంలోకి చూసింది. నేను పుస్తకం మూసేశాను. “ఊరికే చూశాను మేడం, అడగండి” అంది. ఒక అబ్బాయి అట్ట ముట్టుకోలేదు గానీ పావుగంటలో మూడుసార్లు నీళ్లు తాగొస్తానన్నాడు. మూడోసారి నేనే ఆపేశాను, తర్వాత పిలవలేదు. అతనితో కలిపి ముగ్గురు మధ్యలో తప్పుకున్నారు. వాళ్ల సమాచారం తీసేశాను. విశ్లేషణలో మిగిలింది 41 మంది.

గోప్యత గురించి “ఎవరికీ చెప్పను” అని ఏ బిడ్డకూ మాట ఇవ్వలేదు. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం (2012) 19వ సెక్షన్ కింద ఫిర్యాదు చేయాల్సిందే. అలాంటిది నా దృష్టికి రాలేదు. ఒక బాలుడు మాత్రం తప్పు చదివితే కొడతారని చెప్పి, “సార్‌కి చెప్పొద్దు” అన్నాడు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలను నిషేధిస్తోంది. కానీ పేరు బయటపడితే మళ్లీ దెబ్బలు తినేది అతనే. నా పర్యవేక్షకురాలితో చర్చించి, ఆ అబ్బాయికి ముందే చెప్పి, బిడ్డనూ తరగతినీ గుర్తుపట్టలేని విధంగా పై అధికారికి తెలియజేశాను. ఇది సరిపోయిందని చెప్పలేను.

పాల్గొన్నవాళ్లకు కానుకలేమీ ఇవ్వలేదు. పెన్ను కోసం ఒప్పుకుంటే అది అంగీకారం కాదు. చివర్లో ప్రతి బడి లైబ్రరీకి కథల పుస్తకాలు ఇచ్చాను, వద్దన్న పిల్లలూ అవి చదువుకోవచ్చు. ఈ గ్రంథంలోని పేర్లు పిల్లలు తమకు తాము పెట్టుకున్నవి. ఇద్దరు అసలు పేరే రాయమని పట్టుబట్టారు, నేను ఒప్పుకోలేదు. వాళ్ల మాట కాదన్నది ఈ ఒక్క చోటే. ఒక గూడెం నుంచి ఒక్కరే చదువుతున్న చోట ఊరి వివరాలు మార్చాను. రికార్డింగులు పాస్‌వర్డ్ ఉన్న హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయి. పేర్ల పట్టిక విడిగా, తాళం వేసిన బీరువాలో ఉంది. ఐదేళ్ల తర్వాత రెండూ చెరిపేస్తాను.