రొయ్యల గుంటల పుస్తకానికి ఆండ్రాయిడ్ యాప్: ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు మీ గైడెన్స్ కోసం

నమస్తే సార్,

నేను సుప్రజ, ఫైనల్ ఇయర్ సీఎస్ఈ, బి సెక్షన్. సెకండ్ ఇయర్‌లో మీరు మాకు డీబీఎంఎస్ చెప్పారు. నార్మలైజేషన్ రోజున కిరాణా కొట్టు ఖాతా పుస్తకం పేజీ ఒకటి బోర్డు మీద రాసి, దాన్ని టేబుళ్లుగా విడగొట్టి చూపించారు. ఆ క్లాసు నాకు బాగా గుర్తు. నేను ప్రాజెక్టుగా చేద్దామనుకుంటున్నది కూడా ఒక పుస్తకాన్ని యాప్‌గా మార్చడమే, అందుకే ముందు మీకే రాస్తున్నాను. మీరు గైడ్‌గా ఉంటారా అని అడగడానికే ఈ మెయిల్.

మాది విడవలూరు మండలం సార్. మా నాయన లీజుకు తీసుకున్న మూడు గుంటల్లో వనామి రొయ్య వేస్తాడు. గట్టు మీద షెడ్డులో తాడుతో కట్టిన లాంగ్ నోట్‌బుక్ ఒకటి ఉంటుంది. ఏ పూట ఎంత మేత వేశారు, మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలో ఎంత మిగిలింది, డీఓ అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్ ఎంత, పీహెచ్, సెలినిటీ ఎంత, ఏరేటర్లు ఎప్పుడు తిప్పారు, అన్నీ అందులోనే. నిరుడు ఆగస్టులో, పంటకు డెబ్బై రోజులు దాటాక, మూడు రోజులు వరసగా మబ్బు పట్టింది. రాత్రి కాపలా ఉండే అన్న రోజూ ఒకే టైముకి మీటర్ పెట్టి డీఓ రాశాడు: మొదటి రాత్రి 4.6, రెండో రాత్రి 3.9, మూడో రాత్రి 3.1. రాత్రిపూట ఎండ ఉండదు కాబట్టి నీళ్లలో నాచు ఆక్సిజన్ ఇవ్వదు, పైగా తనే వాడుకుంటుంది, అందుకని తెల్లారుజామున డీఓ అన్నిటికంటే తక్కువకు పడిపోతుంది. మబ్బు రోజుల్లో పగలు కూడా సరిగా పెరగదు. నాలుగోరోజు తెల్లారేసరికి ఒక గుంటలో రొయ్యలు పైకి తేలి గట్టు వారకు వచ్చేశాయి. ఆ రోజే అర్జెంటుగా పట్టుబడి చేసి, వచ్చిన రేటుకు ఇచ్చేశారు. ఆ అన్న తప్పేం లేదు, రాయమన్నారు, రాశాడు. ఆ మూడు నంబర్లూ మూడు వేర్వేరు పేజీల్లో ఉన్నాయి, పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు లేరు. నాయన ఇంటి దగ్గర నిద్రపోతున్నాడు. నేను హాస్టల్లో ఉన్నాను.

ఆ నంబర్లు రాసిన నిమిషంలోనే చూడాల్సిన మనిషికి కనపడాలి. నా ప్రాజెక్టంతా ఈ ఒక్క మాట మీదే ఉంది సార్.

యాప్ ఇలా అనుకుంటున్నాను. గుంట నంబరు నొక్కితే పెద్ద అక్షరాలతో ఒకే స్క్రీన్, తెలుగులో. చేతులు తడిగా ఉంటాయి, ఇంకో చేతిలో టార్చి ఉంటుంది, కాబట్టి టైపింగ్ వీలైనంత తక్కువ ఉండాలి, క్రితం సారి నంబరే ముందుగా పెట్టి పక్కన ప్లస్, మైనస్ బటన్లు ఇస్తే చాలనిపిస్తోంది. కానీ అలా ముందే నంబరు కనిపిస్తే కొలవకుండానే సేవ్ నొక్కేసే ప్రమాదం ఉంది కదా? దీని గురించి మీతో మాట్లాడాలి. డీఓ 4 కంటే తగ్గినా, వరసగా మూడు రాత్రులు ఒకే టైముకి తగ్గుతూ వచ్చినా ఓనర్‌కు హెచ్చరిక వెళ్లాలి. రెండోది నాకు ఇంకా ముఖ్యం, ఎందుకంటే నిరుడు మాకు తప్పిపోయింది అదే.

ఇంకో భాగం మేత లెక్క. గుంటలో 1,20,000 పిల్లలు వేశామనుకోండి, 80 శాతం బతికాయని, సగటు బరువు 12 గ్రాములని అనుకుంటే 1,152 కిలోల రొయ్య ఉన్నట్టు. అప్పటికి 1,400 కిలోల మేత పడి ఉంటే ఎఫ్‌సీఆర్, అంటే కిలో రొయ్యకు పడిన మేత, సుమారు 1.22, కౌంట్, అంటే కిలోకు తూగే రొయ్యలు, 83. నాయన ఈ లెక్క వేళ్ల మీద వేస్తాడు, కానీ వారానికోసారే. యాప్ అయితే శాంపిల్ తూకం ఎంటర్ చేసినప్పుడల్లా చూపిస్తుంది. బతికిన శాతం మాత్రం ఎప్పుడూ అంచనాయే, దాన్ని ఖాయమైన నంబరులా చూపించకూడదు, పక్కన అంచనా అని రాయాలనుకుంటున్నా.

కోట్లిన్‌లో రాస్తాను, డేటా ముందు ఫోన్‌లోనే రూమ్ డేటాబేస్‌లో ఉంటుంది. మొదటి టేబుల్ ఇలా రాసుకున్నాను, తప్పులుంటే చెప్పండి:

```kotlin
@Entity
data class Reading(
    @PrimaryKey(autoGenerate = true)
    val id: Long = 0,
    val pondId: Int,
    val takenAt: Long,
    val doPpm: Double?,
    val ph: Double?,
    val salinity: Double?
)
```

మూడింటినీ నల్ అవ్వనిచ్చాను, ఎందుకంటే రాత్రి డీఓ ఒక్కటే చూస్తారు, సెలినిటీ వారానికోసారి. లేదంటే కొలతకు ఒక వరస చొప్పున వేరే టేబుల్ పెట్టడం మేలా? మీ కిరాణా ఖాతా పాఠం ప్రకారం ఆలోచించి చూశాను, రెండువైపులా కారణాలు కనిపిస్తున్నాయి, తేల్చుకోలేకపోతున్నాను.

నాకు నిజంగా టెన్షన్ పెడుతున్నది హెచ్చరిక పంపే పద్ధతి. గుంటల దగ్గర డేటా సరిగా రాదు, ఎస్సెమ్మెస్ మాత్రం వెళ్తుంది. యాప్ తనంతట తానే మెసేజ్ పంపాలంటే `SEND_SMS` పర్మిషన్ కావాలి, దానికి ప్లే స్టోర్ వాళ్ల నిబంధనలు గట్టిగా ఉన్నాయి, మామూలు యాప్‌లకు ఇవ్వడం కష్టం. `ACTION_SENDTO` వాడి మెసేజ్ తయారుగా తెరిచి, కాపలా అన్న సెండ్ నొక్కేలా చేయొచ్చు, కానీ ఆ ఒక్క నొక్కు మర్చిపోతే మళ్లీ పాత కథే. ప్రాజెక్టు వరకు ప్లే స్టోర్‌లో పెట్టకుండా ఏపీకేగా ఇస్తే సరిపోతుందా, రివ్యూలో ఒప్పుకుంటారా?

అలాగే రాత్రి రెండింటికి డీఓ చూడమని అలారం మోగాలి. డోజ్ మోడ్‌లో ఫోన్ నిద్రపోతే మామూలు అలారాలు ఆలస్యమవుతాయి, అందుకే `setExactAndAllowWhileIdle()` వాడాలనుకుంటున్నాను. ఆండ్రాయిడ్ 12 నుంచి దీనికి వేరే పర్మిషన్ కూడా చూసుకోవాలి. ఆ అన్న ఫోన్ పాతది, బ్యాటరీ సేవర్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. అందుకని దాని మీదే టెస్ట్ చేస్తాను.

సెన్సర్లు పెట్టి ఐఓటీ చేయొచ్చు కదా అని మా బ్యాచ్‌లో ఇద్దరు అన్నారు. నేను వద్దన్నాను సార్. డీఓ ప్రోబ్ గుంటలో వదిలేస్తే కొద్ది రోజుల్లోనే నాచు పట్టేస్తుంది, తుడవాలి, క్యాలిబ్రేట్ చేయాలి, ధర కూడా మా చేతిలో లేదు. ఆరు నెలలు దానితోనే అయిపోతే వాడుకునే యాప్ చేతికి రాదు. కానీ రివ్యూ ప్యానెల్ ఇందులో కొత్తదనం ఏముంది అని అడుగుతుంది, దానికి ఏం జవాబు చెప్పాలో మీరే దారి చూపించాలి. టీమ్‌లో మేం ముగ్గురం, ఇంకొకరిని తీసుకోవాలా అన్నదీ చెప్పండి.

ప్రతి శనివారం ఊరికి వెళ్తాను కాబట్టి కొత్త వెర్షన్ అక్కడే ఇచ్చి, ఆ రాత్రి పక్కనే కూర్చుని చూస్తాను. పక్క గుంటల వాళ్లు ఇద్దరు కూడా వాడి చూస్తామన్నారు. కొత్త సీడ్ వేసి ఇరవై రోజులైంది, జీరోత్ రివ్యూ అయిన వెంటనే మొదలుపెడితే పట్టుబడి వరకు దాదాపు పూర్తి పంట డేటా వస్తుంది.

శుక్రవారం మధ్యాహ్నం మా ల్యాబ్ మూడింటికి అయిపోతుంది. మీకు వీలైతే ఆ తర్వాత ఓ ఇరవై నిమిషాలు కలుస్తాను. నాయన నోట్‌బుక్ తీసుకొస్తాను సార్, ఆ మూడు పేజీలు మీరు కూడా చూడాలి.

సుప్రజ
ఫైనల్ ఇయర్ సీఎస్ఈ, బి సెక్షన్