మాస్టారూ, మీ మాటతో సగమే ఏకీభవిస్తున్నాను

మాస్టారూ, నమస్కారం. మీరు నాకు పాఠం చెప్పలేదు గానీ మా తమ్ముడికి చెప్పారు, ఆ వరసలో మీరు నాకూ మాస్టారే. నిన్న మీరు పెట్టిన పోస్టు మా బంధువుల గ్రూపుల్లో రాత్రికే మూడుసార్లు వచ్చింది. మూడోసారి పంపింది మా మేనకోడలు. నెలన్నర పాప ఉంది దానికి. "అత్తా, మాస్టారు ఇట్ల అంటున్నారు కదా, బుధవారం సూదికి తీసుకుపోవాల్నా వద్దా?" అని అడిగింది. అందుకే మీకు ఫోన్ చేసి ఊరుకోకుండా, మీరు నలుగురిలో చెప్పిన మాటకు నలుగురిలోనే జవాబు రాస్తున్నాను. తప్పుగా అనుకోవద్దు.

మీరన్నది ఇదీ: మన తాతలు, అవ్వలు సంకటీ జొన్నరొట్టే తిని, ఆసుపత్రి మొహం చూడకుండా తొంభై ఏళ్ళు బతికారు, మనం తిండి చెడగొట్టుకుని మందులకు అలవాటుపడ్డాం, ఇన్ని టీకాలు పిల్లలకు అవసరమా?

తిండి గురించి మీరన్నదానితో నాకు పేచీ లేదు. ముప్పై ఏళ్ళకు పైగా ఏఎన్ఎంగా అనంతపురం పల్లెల్లో తిరిగినదాన్ని. షుగరు, బీపీ ఏ ఇంటి గడప ఎప్పుడు తొక్కాయో కళ్ళారా చూశాను. మూడుపూటలా తెల్లన్నం, పనికి బండి, సాయంత్రానికి బేకరీ. మీరు తిట్టిన తిట్లన్నీ నేనూ తిట్టాను. ఒక్క మాట మాత్రం కలుపుతాను. మా అవ్వ కొర్రన్నం తిన్నది ఆరోగ్యం కోసం కాదు, వరి బియ్యం పండగనాడు తప్ప దొరక్క. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చినప్పుడు ఆమె సంబరం చూస్తే, సంకటి మీద మనకున్న మోజు ఆమెకు లేదని తెలిసిపోయేది.

ఇక తొంభై ఏళ్ళ సంగతి. మా అవ్వా తొంభై దాటే పోయింది. సంకటి, ఊరిబిండి, చివరిదాకా కళ్ళజోడు లేదు. మీ పోస్టుకు ఆమె ఫొటో పెట్టుకోవచ్చు. కానీ ఆమె తొమ్మిది మందిని కన్నది మాస్టారూ. దక్కింది నలుగురు. ఒకడు గత్తరకు పోయాడు, ఒకమ్మాయి అమ్మవారు పోసి పోయింది, ఇద్దరు పురిటిలోనే. ఇంకొకరు ఎందుకు పోయారో అవ్వకే తెలియదు, "దిష్టి" అనేది. ఆ ఐదుగురూ ఆ ఇంటి సంకటి కుండ పక్కన పుట్టినవాళ్ళే. అవే పొలాలు, అదే గాలి, మందు కొట్టని అవే గింజలు. తొంభై ఏళ్ళు బతికిన అవ్వ మనకు కనిపించింది, కథలు చెప్పింది. ఆ ఐదుగురు ఎవరికీ కనిపించలేదు. మనం లెక్కపెట్టేది మిగిలినవాళ్ళనే.

స్వాతంత్ర్యం వచ్చిన నాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ళ దగ్గర ఉండేది. ఇప్పుడు 70 దగ్గర ఉంది. అప్పట్లో అందరూ ముప్పై రెండుకే పోయారని కాదు దీని అర్థం. ఇక్కడ మీ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. బాల్యం గట్టెక్కినవాళ్ళలో పండు ముసలివాళ్ళు అప్పుడూ ఉన్నారు. సగటును కిందికి లాగింది పసిపిల్లల చావులు. 1971లో కూడా పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 129 మంది ఏడాది నిండకుండానే పోయేవాళ్ళు. 2020కి అది 28కి దిగింది.

ఎలా దిగిందో కొంత నా చేతుల మీదుగానే చూశాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మంత్రసాని కొడవలితో బొడ్డు కోసి బూడిద అద్దడం మామూలే. బిడ్డ నాలుగైదు రోజులు బాగానే ఉండేది. తర్వాత పాలు పట్టడం మానేసేది, దవడ బిగుసుకునేది, తాకితే చాలు ఒళ్ళంతా విల్లులా వంగేది. ధనుర్వాతం అని ఊరికే అనలేదు పెద్దలు. దానికి మందు వెతికే లోపలే అయిపోయేది. కడుపుతో ఉన్నప్పుడు తల్లికి వేసిన టీటీ సూది, కొత్త బ్లేడు, ఆసుపత్రి కాన్పు, ఈ మూడూ కలిసి దాన్ని తరిమాయి. నేను రిటైరయ్యే నాటికి నాతో పనిచేసే కుర్ర నర్సులు అలాంటి బిడ్డను ఒక్కసారి కూడా చూడలేదు. చూడలేదు కాబట్టే "సూది ఎందుకు" అని ఎవరైనా అడిగితే వాళ్ళకు చప్పున జవాబు తట్టేది కాదు.

"మాకు చిన్నప్పుడు ఒక్క టీకానే" అన్నారు. నిజమే, మీ భుజం మీద గుండ్రటి మచ్చ ఉండే ఉంటుంది. అది మశూచిది. మన దేశంలో 1975 తర్వాత ఆ జబ్బు లేదు, అందుకే మీ మనవళ్ళకు ఆ టీకా లేదు. అవసరం తీరిన టీకాను మానేశారు కూడా, ఈ సంగతి ఎవరూ చెప్పరు. ఇప్పటివి ఎక్కువ అనిపిస్తాయి, కానీ మా మేనకోడలి పాపకు బుధవారం పడే ఒక్క సూదిలోనే కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం సహా ఐదు జబ్బులకు కాపు ఉంది. పోలియో చుక్కలు ఆ రోజే. 2011 జనవరి తర్వాత దేశంలో ఒక్క బిడ్డకూ సహజ పోలియో రాలేదు.

నారి కురుపు గుర్తుందా మీకు? దిగుడు బావుల్లో కాళ్ళు పెట్టి నీళ్ళు ముంచుకున్న ఊళ్ళలో, కాలి పుండులోంచి తెల్లటి దారంలాంటి పురుగు బయటికొచ్చేది. పుల్లకు చుట్టుకుంటూ రోజుకు కాస్త లాగేవాళ్ళు, తెగితే ఇంకా చేటు. దానికి టీకా లేదు, మందూ లేదు. బట్టతో వడకట్టిన నీళ్ళు, బోరింగులు, బావుల మెట్లు మూసెయ్యడం. అంతే, 2000 నాటికి దేశంలో లేకుండా పోయింది. సూదులే సర్వస్వం అనడం లేదు నేను. కానీ అదీ సంకటితో పోలేదు.

కింద కామెంట్లలో మాస్టారిని వెక్కిరిస్తున్న పిల్లలు కొందరున్నారు. నా పోస్టు కింద ఆ పని చెయ్యొద్దు, తీసేస్తాను. చిరుధాన్యాల గురించి ఆయన రాసినందువల్ల మా వీధిలోనే రెండిళ్ళలో రాగులు తెచ్చారు.

మాస్టారూ, ఒకటే అడుగుతాను. ముప్పై ఐదేళ్ళు హాజరుపట్టీ పిలిచారు మీరు. పెంటయ్య, పుల్లయ్య, భిక్షాలు, ఈ పేర్లు ఎందుకు పెట్టేవాళ్ళో నాకంటే మీకే బాగా తెలుసు. ముందు పుట్టినవాళ్ళు పోతే, ఈ బిడ్డనైనా యముడు వద్దనుకోవాలని పెంటకుప్ప మీద దొర్లించి ఆ పేరు పెట్టేవాళ్ళు. మీరు చేరిన ఏడాది పట్టీలో అలాంటి పేర్లు ఎన్ని ఉండేవి? రిటైరయిన ఏడాది ఎన్ని ఉన్నాయి?