స్కాలర్‌షిప్ అప్లికేషన్: నా గురించి

మాది పాలమూరు దిక్కు, నాన్న సెంట్రింగ్ పనికని హైదరాబాద్ వచ్చిండు, ఇప్పుడు బోరబండలో ఒక్క రూమ్ కిరాయికి తీస్కొని ఉంటున్నం, అమ్మ అపార్ట్‌మెంట్లల్ల వంట చేస్తది. మా ఇంట్ల కాలేజీకి పోయింది నేనే ఫస్ట్, అందుకే పాలిసెట్ అంటే ఏంది, వెబ్ ఆప్షన్లు ఎట్ల పెట్టాలె అని అడుగుదామంటే ఎవ్వరు లేకుండె, నెట్ సెంటర్ అన్న చెప్పినట్టే పెట్టిన, సివిల్ వచ్చింది (అదే మంచిదైంది అనుకోండి). టెన్త్ దాంక తెలుగు మీడియం, డిప్లొమాల ఒక్కసారే అంతా ఇంగ్లీష్, మొదటి సెమిస్టర్ల రెండు బ్యాక్‌లాగ్స్ పడ్డయి, తర్వాత క్లియర్ చేసుకొని ఈసెట్ రాసి బీటెక్ సెకండియర్ల చేరిన. ల్యాబ్‌ల కాంక్రీట్ క్యూబ్‌ని 28 రోజులు నీళ్లల్ల పెట్టి ప్రెస్ చేస్తుంటే, నాన్న స్లాబ్ మీద గోనెసంచులు పరిచి రోజు నీళ్లు కొట్టేది ఎందుకో అప్పుడు సమజైంది, ఇంటికొచ్చి చెప్తే "గది మాకెప్పుడో ఎరుకే బిడ్డా" అని నవ్విండు. ఫీజు రీయింబర్స్‌మెంట్ లేటైతే కాలేజోళ్లు ముందు మీరే కట్టుమంటరు, వానాకాలం నాన్నకు పనే సరిగ్గ ఉండదు, అందుకని సాయంత్రం ట్యూషన్లు చెప్తున్న, చదువుకునే టైమ్ అందుల్నే పోతుంది. గేట్ రాసి స్ట్రక్చరల్‌ల ఎంటెక్ చేద్దామని ఉంది, తర్వాత సైట్ సేఫ్టీ మీద పని చేయాలె, హెల్మెట్, బెల్టు లేకుండ పై అంతస్తుల నిలబడే మనుషులు నాకు చిన్నప్పటి నుంచి తెలిసినోళ్లే. ఈ స్కాలర్‌షిప్ వస్తే ఫైనలియర్ ఫీజు కట్టి ట్యూషన్లు సగం తగ్గించి గేట్‌కి కూర్చుంట.