సమీక్షకుల సూచనలకు జవాబు

14 జులై 2025

గౌరవనీయులైన సంపాదకులు గారికి, ఇద్దరు సమీక్షకులకు

నమస్కారం. ‘పోచంపల్లి, పుట్టపాక చేనేత పదజాలం: ఆసు యంత్రం తర్వాత’ అన్న నా వ్యాసాన్ని ఓపికగా చదివి, సూచనలు పంపినందుకు కృతజ్ఞతలు. సవరించిన ప్రతిని దీనితో జతచేశాను. మార్చిన వాక్యాల కింద గీత గీశాను. కింద పేర్కొన్న పేజీల సంఖ్యలు కొత్త ప్రతివి.

మొదటి సమీక్షకులు అడిగిన ప్రశ్నల్లో ఒకటి వ్యాసాన్నే మార్చేసింది కాబట్టి ముందు దాని గురించి రాస్తాను. “ఆసు పోసేది ఎక్కువగా ఆడవాళ్లు. మీరు మాట్లాడిన 22 మందిలో ఆడవాళ్లు ముగ్గురే. అలాంటప్పుడు ఆసు పదాలు పోయాయని ఎలా చెప్పగలరు?” అని మీరు అడిగారు. చెప్పలేను. మగ్గం మీద కూర్చున్నవాళ్లనే అడిగి, నూలు సిద్ధం చేసే పని గురించి తీర్పు ఇచ్చేశాను. అది నా పొరపాటు.

మే నెలలో మళ్లీ రెండు ఊళ్లకూ వెళ్లి మరో 11 మంది ఆడవాళ్లతో మాట్లాడాను. మొదటి ప్రతిలో వాడుకలో లేవని చూపిన పదాలు 31. వాటిలో 12 ఈ ఆడవాళ్ల మాటల్లో మామూలుగా వినపడ్డాయి. ఆ పన్నెండూ నూలు సిద్ధం చేసే పనికి చెందినవే. చింతకింది మల్లేశం గారి లక్ష్మి ఆసు యంత్రం చేతుల కష్టాన్ని తగ్గించింది గానీ, పని పేరును మార్చలేదు. యంత్రం మీద చేసినా వాళ్లు దాన్ని ‘ఆసు పోసుడు’ అనే అంటున్నారు. పైగా కొత్తగా ‘చేతి ఆసు’ అన్న మాట పుట్టింది. ఆసు అంటే చేత్తో పోసేదే అయిన రోజుల్లో ‘చేతి’ అని విడిగా చెప్పాల్సిన అవసరం లేదు కదా. మొదటి ప్రతిలోని ప్రధాన వాదాన్ని వదులుకుని, నాలుగో భాగాన్ని పూర్తిగా తిరగరాశాను (పే. 9–13).

తేలియా రుమాల్ అనే చేనేత గుడ్డ పేరులోని ‘తేలియా’ శబ్దం గురించి కూడా మీ మాటే సరైనది. దాన్ని తెలుగు ‘తైలం’ నుంచి తెచ్చాను. నూనె వాసన ఉన్నంత మాత్రాన వ్యుత్పత్తి అయిపోదు. హిందీ ‘తేల్’ నుంచి వచ్చిన ‘తేలియా’, పారసీ నుంచి వచ్చిన ‘రుమాల్’ కలిసిన పేరుగా సవరించాను (పే. 6). మూలంలో సంస్కృత తైల శబ్దం ఉన్నా, ఈ రూపం తెలుగులో తయారైంది కాదు.

రెండో సమీక్షకులు భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తిపదకోశం చేనేత సంపుటాన్ని (1971) వాడిన తీరు మీద అభ్యంతరం చెప్పారు. కోశంలో ఉన్న పదం నాకు వినపడకపోతే అది పోయిందని రాశాను. ఆ పదం అసలు ఈ ఊళ్లలో ఎప్పుడూ లేకపోయి ఉండవచ్చు. మిగిలిన 19 పదాలనూ డెబ్బై దాటిన ఐదుగురికి ఒక్కొక్కటిగా చదివి వినిపించాను. ఏడింటిని చిన్నప్పుడు విన్నామన్నారు. వీటినే ‘వాడుక తగ్గిన పదాలు’ అన్నాను. తక్కిన 12 పదాలను ‘ఈ ఊళ్లలో నమోదు కానివి’ అన్న వేరే పట్టికలో పెట్టాను (పే. 15).

ఒక్క విషయంలో మాత్రం రెండో సమీక్షకులతో వినయంగా విభేదిస్తున్నాను. నేతగాళ్ల మాటలను ప్రామాణిక భాషలోకి మార్చమన్నారు. “పొద్దుగాల ఆసు పోస్త, మాపటికి చిటికి కడత” అన్న వాక్యాన్ని “ఉదయం ఆసు పోస్తాను, సాయంత్రం చిటికి కడతాను” అని రాస్తే అర్థం మిగులుతుంది, కానీ నేను సేకరించిన ఆధారం మిగలదు. పదజాలం మీద రాసే వ్యాసంలో మాటను మాటగానే ఉంచాలని నా అభిప్రాయం. అయితే వేరే ప్రాంతాల పాఠకులకు ఇబ్బంది ఉంటుందన్న మీ మాట నిజమే. అందుకని ప్రతి ఉదాహరణ కిందా వాడుక భాషలో అర్థం ఇచ్చాను. సంపాదకులు గారు వేరేలా నిర్ణయిస్తే దానికి కట్టుబడతాను.

ఉపోద్ఘాతాన్ని ఒకరు కుదించమన్నారు, ఇంకొకరు పెంచమన్నారు. కొంచెం టెన్షన్ పడ్డాను. చివరికి చేనేత చరిత్రను రెండు పేరాలకు తగ్గించి, చిటికి కట్టే పద్ధతి వివరణను ఒక పేరా పెంచాను. ఇద్దరి ఉద్దేశమూ ఇదేనని అనుకుంటున్నాను. పడుగు, పేక అన్న పదాలు రెండుచోట్ల తారుమారయ్యాయి. చూపించినందుకు ధన్యవాదాలు, సరిచేశాను. అచ్చుతప్పులన్నీ దిద్దాను.

కొత్తగా మాట్లాడిన వారందరి అనుమతీ తీసుకున్నాను. వాళ్ల పేర్లు వ్యాసంలో లేవు. సమీక్ష నియమం ప్రకారం ఈ ఉత్తరంలో నా పేరూ రాయడం లేదు. ఇంకా సవరించవలసినవి ఉంటే తెలియజేయగలరు.

భవదీయురాలు
వ్యాస రచయిత్రి