కేటలాగ్ స్క్రీన్ పీడీఎఫ్, ప్రింట్ పీడీఎఫ్ ఎందుకు వేరుగా ఉన్నాయంటే

అన్నా, మీ గ్రానైట్ కేటలాగ్ రెండు పీడీఎఫ్‌లు ఒకేలా లేవేందని రాత్రి మీరు పెట్టిన వాయిస్ మెసేజ్‌లన్నీ విన్నాను. ఫోన్లో చెబితే సగం గాల్లో పోతాయి, రాసి పెడితే మీ తమ్ముడికీ విజయవాడ ప్రెస్ వాళ్లకీ కూడా చూపించొచ్చు కదా అని ఇట్టా రాస్తున్నా.

ముందు ఒక మాట. రెండు ఫైళ్లూ కరెక్టే, కావాలనే వేరువేరుగా చేశాను. `galaxy_catalogue_SCREEN.pdf` బయ్యర్లకి వాట్సాప్‌లో, మెయిల్లో పంపుకోడానికి. `galaxy_catalogue_PRINT.pdf` ప్రెస్సుకి మాత్రమే, దాన్ని ఫోన్లో చూసి బాగుందా బాలేదా అని తేల్చుకోవద్దు, ఎవరికీ ఫార్వర్డ్ కూడా చెయ్యొద్దు.

లోగో నీలం ఎందుకు డల్ అయిందని అడిగారు కదా. స్క్రీన్ తనే వెలుగుతది, ఎరుపు, ఆకుపచ్చ, నీలం లైట్లు కలిపి రంగు చూపిస్తది. కాగితానికి సొంత వెలుగు లేదు, గదిలో లైటు దాని మీద పడితే నాలుగు ఇంకులు (సియాన్, మెజెంటా, ఎల్లో, బ్లాక్) అందులో కొంత మింగేసి మిగిలింది మన కంటికి పంపిస్తాయి. అందుకే స్క్రీన్ మీద కొట్టొచ్చినట్టు కనపడే నీలాలు, చిలకపచ్చలు కొన్ని ఈ నాలుగు ఇంకులతో ఎంత కలిపినా రావు. మీ లోగో నీలం సరిగ్గా అట్టాంటిదే. దానికి దగ్గరగా ఉన్న నీలం పెట్టాను, ఊదా రంగులోకి తిరగకుండా మెజెంటా తగ్గించాను. అదే నీలం ఖచ్చితంగా కావాలంటే ముందే ఆ రంగులో కలిపిన పాంటోన్ ఇంకుతో ఐదో కలర్ వెయ్యాలి, అంటే ఇంకో ప్లేటు, ఇంకో ఖర్చు. కవర్ ఒక్కదానికి చేయించుకుంటే బాగుంటదని నా సలహా, లోపల పేజీలకి అవసరం లేదు.

ఇక నలుపు. నేను ఎక్కువ టైం పెట్టింది దీని మీదే, ఎందుకంటే మీరు అమ్మేదే నలుపు. చీమకుర్తి గెలాక్సీ నల్ల గ్రానైట్ కేటలాగ్‌లో నలుపు వెలిసినట్టు ఉంటే ఇక ఆ పుస్తకం ఎందుకు. ప్రింటులో బ్లాక్ ఇంకు ఒక్కటే 100 శాతం వేస్తే చిన్న అక్షరాలకి సరిపోద్ది గానీ పేజీ అంతా పరిస్తే ముదురు బూడిద రంగులాగా ఉంటది. అందుకని పెద్ద నల్ల బ్యాక్‌గ్రౌండ్లకి సియాన్ 60, మెజెంటా 40, ఎల్లో 40, బ్లాక్ 100 శాతం ఇచ్చాను, మొత్తం కలిపితే 240 శాతం. అన్నీ వందేసి పెడితే ఇంకా నల్లగా వచ్చిద్ది కదా అని మీ తమ్ముడు అన్నాడు, అట్టా చేస్తే 400 అయిద్ది, అంత ఇంకు ఆర్ట్ పేపర్ మీద ఆరదు, దొంతిలో పైన పడ్డ షీటు వెనకకి అంటుకుంటది. 300 దాటనీయకపోవడం మంచిది. స్లాబ్ ఫోటోల్లో కూడా మొత్తం ఇంకు అట్టనే దించాను. చిన్న అక్షరాలకి మాత్రం ఒక్క బ్లాకే, నాలుగు ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా అక్షరం చుట్టూ రంగు అంచు కనపడతది కాబట్టి. ఈ తేడా ఏదీ ఫోన్లో తెలవదు, కొన్ని యాప్‌లలో ఆ నలుపులు రెండు రకాలుగా కనపడి మీకే అనుమానం వచ్చిద్ది.

గెలాక్సీలో బంగారు చుక్కల సంగతి. అవి రాయిని కాస్త వంచితే మెరుస్తాయి, ఆ మెరుపు ఫోటోలోకే పూర్తిగా రాదు, స్క్రీన్ మీద లైటు వల్ల కొంత భ్రమ కలుగుతది అంతే. కాగితం మీద అవి గోధుమ పసుపు చుక్కలు. అవి నల్ల ఇంకులో కలిసిపోకుండా కొంచెం పెంచి, అంచులు షార్ప్ చేశాను, అందుకే ప్రింట్ ఫైల్ ఫోన్లో చూస్తే గరుకుగా అనిపిస్తది. మెరుపు కావాలంటే కవర్‌కి మ్యాట్ లామినేషన్ చేయించి స్లాబ్ బొమ్మ మీద మాత్రం స్పాట్ యూవీ అనే మెరిసే పూత వేయిద్దాం, లైట్లో తిప్పితే ఆ రాయి వరకు నిగనిగలాడతది.

మీ ఇంకో రాయి స్టీల్ గ్రే పేజీలు ప్రింట్ ఫైల్లో చప్పగా ఉన్నాయన్నారు. బూడిద రంగుని మూడు రంగుల ఇంకులతో తయారుచేస్తే మిషన్ మీద ఒక ఇంకు కాస్త ఎక్కువైనా రాయి గులాబీకో ఆకుపచ్చకో తిరుగుతది, బయ్యర్ ఆ రంగు చూసి ఆర్డర్ పెడితే రేపు కంటైనర్ దిగాక మీకు గొడవ. అందుకే ఆ బూడిద రంగు బరువంతా బ్లాక్ ఇంకు మీద పెట్టాను.

ఫోటోల మధ్యలో సన్న తెల్ల గీతలు కనపడుతున్నాయని స్క్రీన్‌షాట్ పెట్టారు. అవి ప్రింటులో రావు. ప్రెస్ వాళ్లు పీడీఎఫ్ ఎక్స్-1ఎ అడిగారు, ఆ పద్ధతిలో నీడలు, పారదర్శకంగా పెట్టిన డిజైన్లు అన్నీ ముక్కలుగా కోసి పక్కపక్కన అతికించినట్టు సేవ్ అవుతాయి, ఆ ముక్కల అతుకుల్ని ఫోన్ గీతల్లాగా చూపిస్తది. జూమ్ చేసి చూడండి, ఫోటో ఎంత పెద్దదైనా గీత మందం పెరగదు. నిజంగా డిజైన్లో ఉన్న గీత అయితే అదీ లావవ్వాలి.

తెలుగు పేజీలో అక్షరాలు కొంచెం బొద్దుగా ఉండటానికి కారణం, వాటిని అవుట్‌లైన్ చేశాను. ప్రెస్సులో పీడీఎఫ్‌ని కోరెల్ డ్రాలో తెరిస్తే వత్తులు, గుణింతాలు చెల్లాచెదరైపోతాయి, "గ్రానైట్" అన్న మాట చదవలేం. అవుట్‌లైన్ చేస్తే అది ఇక బొమ్మే, చెదరదు. కాకపోతే అందులో వెతకడం, కాపీ చేయడం కుదరదు, మీ వెబ్‌సైట్ లింకులు కూడా పనిచేయవు, అవి స్క్రీన్ ఫైల్లోనే ఉన్నాయి. పుస్తకంలో వాటి బదులు వెనక కవర్ మీద క్యూఆర్ కోడ్ పెట్టాను, ఒక్క నల్ల ఇంకుతోనే.

పేజీ చుట్టూ ఎక్కువున్న జాగా, మూలల్లో గీతలు కటింగ్ కోసం. ఏ4 210 బై 297 మిల్లీమీటర్లు, నాలుగు పక్కలా 3 మిల్లీమీటర్లు బ్లీడ్ వదిలాను, బ్లేడు కాస్త అటూఇటూ అయినా తెల్ల అంచు రాకుండా. పేజీలు విడివిడిగా ఉన్నాయేందని కంగారు పడొద్దు, 24 పేజీలు సెంటర్ పిన్ కాబట్టి ఒకటో పేజీ పక్కన 24, రెండో పేజీ పక్కన 23 వచ్చేట్టు ప్రెస్ వాళ్లే పేర్చుకుంటారు.

ఒక్క ఇబ్బంది మిగిలింది. 9, 14 పేజీల్లో ఫోటోలు మీరు వాట్సాప్‌లో మామూలుగా పంపినవి, పొడవు వైపు 1600 పిక్సెళ్లే ఉన్నాయి. నిండు ఏ4 పేజీకి 300 డీపీఐ కావాలంటే 3508 ఉండాలి. స్క్రీన్ మీద బ్రహ్మాండంగా ఉంటాయి, ప్రింటులో మసకబారతాయి. ఫోటో తీసిన వాళ్ల దగ్గర ఒరిజినల్స్ తెప్పించి గూగుల్ డ్రైవ్‌లోనో, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గానో పంపండి. దొరక్కపోతే ఆ రెండు ఫోటోల్ని సగం పేజీకి తగ్గిస్తాను, సాగదీసి మాత్రం పెట్టను.

ఇంకోటి, జిరాక్స్ షాపులో కలర్ ప్రింట్ తీసి చూడొద్దు అన్నా, ఆ మిషన్ వేరు, ఆ కాగితం వేరు. ప్రెస్ వాళ్లని మన 170 జీఎస్ఎం ఆర్ట్ పేపర్ మీదే కవర్, ఒక గెలాక్సీ పేజీ, ఒక స్టీల్ గ్రే పేజీ ప్రూఫ్ తీసి ఒంగోలుకి పంపమని అడిగాను. అది వచ్చినాక ఫ్యాక్టరీలో ఆ రెండు రాళ్ల శాంపిల్ ముక్కలు పక్కన పెట్టుకుని, పగటి వెలుతుర్లో షెడ్డు బయట నిలబడి చూద్దాం, నేనూ వస్తాను. అప్పుడు మీరు సంతకం పెడితేనే ప్లేట్లు తీయమని చెప్పా. ఈలోపు లోగోకి ఐదో కలర్ వెయ్యాలా వద్దా, స్పాట్ యూవీ కావాలా అనేది శుక్రవారం లోపు చెప్పండి, వాటికి ఫైల్లో విడిగా లేయర్ చేసివ్వాలి.