చండూరు కాలనీ సంక్షేమ సంఘం: కార్యదర్శి బాధ్యతల అప్పగింత పత్రం

తేదీ: 10 జూన్ 2026

టీచరమ్మ గారికి నమస్కారం.

జూన్ 7 ఆదివారం సర్వసభ్య సమావేశంలో మిమ్మల్ని కార్యదర్శిగా ఎన్నుకున్న రోజు నుంచే ఒక గడువు నడుస్తున్నది. ముందు దాని సంగతి. కొత్త కార్యవర్గం జాబితా, ఆడిట్ అయిన జమాఖర్చులు సమావేశం జరిగిన 15 రోజుల్లోపు నల్లగొండలోని జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో దాఖలు చేయాలి. అంటే జూన్ 22లోపు. జాబితాలో ప్రతి ఒక్కరి పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, వృత్తి, ఇంటి నంబరు, సంతకం ఉండాలి. రెండు కాపీలు తీసుకుపోయి, ఒకదాని మీద ముద్ర వేయించుకుని తెచ్చుకోండి. ఆ ముద్ర పడ్డ కాగితం చూడనిదే బ్యాంకులో సంతకాలు మారవు. సంతకాలు మారేదాకా ప్లాంటు ఆపరేటరు జీతం చెక్కు కూడా దాటదు. ఆడిటరు సంతకం చేసిన జమాఖర్చులు నీలం ఫైలులో ఉన్నాయి. జాబితా ఒక్కటే రాయాలి.

రికార్డులు

బీరువా పై అరలో: రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు అసలు, నిబంధనావళి, పాన్ కార్డు, లేఅవుట్ నకలు. వీటి అసళ్లు ఎవరికీ చేతికివ్వకండి, జిరాక్సు ఇవ్వండి. కింది అరలో: తీర్మానాల పుస్తకం, సభ్యత్వ రిజిస్టరు, వాడిన రసీదు బుక్కుల కౌంటర్లు, ఓచర్ల ఫైళ్లు, నీళ్ల ప్లాంటు లాగ్ బుక్కు. వాడని రసీదు బుక్కులు మూడు ఉన్నాయి. వాటి వరుస నంబర్లు రిజిస్టరు చివరి పేజీలో రాసి ఉన్నాయి, లెక్క చూసుకుని సంతకం పెట్టండి.

వీటన్నిటిలో ప్రాణం తీర్మానాల పుస్తకమే. బ్యాంకు, రిజిస్ట్రార్, రేపు కోర్టు అయినా అడిగేది దాన్నే. ప్రతి సమావేశానికి తేదీ, సమయం, స్థలం, హాజరైనవారి సంతకాలు ముందు రావాలి. ఆ తర్వాత తీర్మానానికి ఒక నంబరు, ప్రతిపాదించింది ఎవరు, బలపరిచింది ఎవరు, ఎంత మొత్తం, ఏ ఖాతా నుంచి. "మోటారు రిపేరు చేయించాలని నిర్ణయించనైనది" అని రాస్తే సరిపోదు. "రూ. 18,000 మించకుండా" అని ఉండాలి. లేకుంటే బిల్లు 26,000 వచ్చిన రోజు ఎవరూ అడ్డం చెప్పలేరు. పేజీ చివర ఖాళీ మిగిలితే అడ్డగీత కొట్టి అధ్యక్షుల సంతకం తీసుకోండి. కాగితాలు అతికించొద్దు, వైట్‌నర్ వాడొద్దు. తప్పు పడితే ఒక గీతతో కొట్టేసి పక్కన పొట్టి సంతకం. సమావేశం ముగిసిన చోటే రాసి సంతకాలు చేయించండి. ఇంటికి పోయి రాద్దామనుకుంటే వారం తర్వాత ఒక్కొక్కరికి ఒక్కోటి గుర్తుంటుంది.

చెక్కు మీద ఇద్దరి సంతకాలు, అందులో కోశాధికారిది తప్పనిసరి. ముందుగా సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఒక్కటి కూడా లేదు. ఇకపైనా ఉండనివ్వకండి, ఎంత దగ్గరివాళ్లు అడిగినా సరే.

నీళ్ల ప్లాంటు

మీ సమయం ఎక్కువగా పట్టేది ఇదే. భగీరథ నల్లా వస్తున్నా తాగడానికి మన ప్లాంటు క్యాను పట్టుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. పైపు పగిలి నల్లా ఆగితే అందరూ ఇక్కడికే వస్తారు. మన బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. చివరి పరీక్షలో లీటరుకు 3.2 మిల్లీగ్రాములు వచ్చింది. తాగే నీటికి 1 లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు కూడా 1.5 దాటకూడదు. ఈ ప్రాంతంలో ఆ తేడా ఎముకల మీద, పిల్లల పళ్ల మీద ఏం చేస్తుందో మీకు బడిలో రోజూ కనిపించేదే.

ఆపరేటరు పొద్దున ప్లాంటు వేయగానే ముందు ఇసుక ఫిల్టరు, తర్వాత కార్బన్ ఫిల్టరు పది పది నిమిషాలు బ్యాక్‌వాష్ చేయాలి. ఆ తర్వాత లాగ్ బుక్కులో నాలుగు అంకెలు రాయాలి: మైక్రాన్ ఫిల్టరుకు ముందు ఒత్తిడి, తర్వాతి ఒత్తిడి, మంచినీళ్ల ధార నిమిషానికి ఎన్ని లీటర్లు, మంచినీళ్ల టీడీఎస్. ఈ నాలుగూ చూస్తే ప్లాంటు ఆరోగ్యం తెలిసిపోతుంది. రెండు ఒత్తిళ్ల తేడా ఒక కేజీకి దగ్గరైతే క్యాట్రిడ్జ్ మార్చాలి. ధార మెల్లగా తగ్గుతూ వస్తే మెంబ్రేన్‌కు సున్నం పట్టినట్టు. ధార బాగానే ఉండి టీడీఎస్ ఒక్కసారి ఎగిరితే చాలావరకు ఓ-రింగ్ జారి ఉంటుంది. ఆ వంద రూపాయల రబ్బరు చూడకుండా మెంబ్రేనే పోయిందని చెప్పే మెకానిక్ మాటకు తల ఊపకండి.

డోసింగ్ పంపు డబ్బాలో సున్నం పట్టకుండా వేసే మందు అయిపోయినా ప్లాంటు ఆగదు, నీళ్లు వస్తూనే ఉంటాయి. ప్రమాదం అక్కడే. డబ్బా మీద ఎర్ర గీత గీసి ఉంది, మందు మట్టం దానికి కిందికి పోకూడదు.

టీడీఎస్ మీటరు ఫ్లోరైడు చూపించదు. మీటరులో 90 ఉందని నిశ్చింతగా ఉండొద్దు. మూడు నెలలకోసారి శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో లీటరు నీళ్లు పట్టి ల్యాబుకు పంపాలి. గాజు సీసా వద్దు. బోరు నీళ్లది ఒకటి, ప్లాంటు నీళ్లది ఒకటి, రెండూ ఒకే రోజు పట్టినవి. తర్వాతి శాంపిలు జులై మొదటి వారంలో పోవాలి. ప్లాంటు వదిలే వృథా నీళ్లలో ఫ్లోరైడు ఇంకా చిక్కగా ఉంటుంది. పశువుల తొట్టిలోకి, కూరగాయల మడికి పోకుండా చూడండి.

పైసల లెక్కకు సులువైన తనిఖీ ఉంది. పంపిణీ మీటరు నిన్నటికీ ఇవాళ్టికీ 4,000 లీటర్లు తిరిగితే 200 క్యాన్లు, క్యానుకు 5 చొప్పున 1,000 రూపాయలు. నగదు, కార్డు కలిపి దానికి 30, 40 తగ్గితే ఒలికిన నీళ్లు అనుకోవచ్చు. 200 తగ్గితే అడగాలి.

ఎవరిని ఎప్పుడు అడగాలి

నంబర్లన్నీ సంఘం ఫోనులో పని పేరుతోనే సేవ్ అయి ఉన్నాయి: "ప్లాంట్ మెకానిక్", "లైన్‌మన్", "బోరు మోటార్", "ఆడిటర్", "మున్సిపల్ శానిటరీ". ఫోను, సిమ్ము రెండూ ఈ పత్రంతోపాటు ఇస్తున్న. బ్యాంకు మెసేజీలు కూడా ఈ నంబరుకే వస్తాయి, రీచార్జి ఆగనివ్వకండి. కరెంటు పోతే ముందు 1912కు ఫిర్యాదు చేసి నంబరు తీసుకుని, ఆ తర్వాత లైన్‌మన్‌కు చెప్పండి. ఫిర్యాదు నంబరు ఉంటే పని కదులుతుంది. ప్లాంటు మీటరు వేరు, వీధి బోరు మీటరు వేరు. రెండు బిల్లుల యూఎస్‌సీ నంబర్లు బీరువా తలుపు లోపల అతికించి ఉన్నాయి, కట్టేటప్పుడు అటుది ఇటు కాకుండా చూసుకోండి.

ఆగి ఉన్న పనులు

మెంబ్రేన్లు: నాలుగూ మార్చే వేళయింది. ధార నిమిషానికి 16 లీటర్ల నుంచి 12కు పడింది, యాసిడ్ వాష్ తర్వాత కూడా 13 దాటలేదు. రెండు కొటేషన్లు వచ్చాయి, మూడోది రావాలి. మూడూ పక్కపక్కన పెట్టి కార్యవర్గంలో తీర్మానం చేశాకే ఆర్డరు. పాత మెంబ్రేన్లు వాళ్లు తీసుకుపోతే ఎంత తగ్గిస్తారో కొటేషన్ మీదే రాయించండి.

పార్కు స్థలం: లేఅవుట్‌లో ఖాళీ స్థలంగా చూపించిన జాగా తూర్పు హద్దులో రాళ్లు పాతారు. మున్సిపాలిటీకి ఇచ్చిన దరఖాస్తు, ముద్ర వేసిన నకలు పచ్చ ఫైలులో ఉన్నాయి. మే 18న సమాచార హక్కు కింద కూడా అడిగాం. 30 రోజుల గడువు జూన్ 17తో తీరుతుంది. జవాబు రాకుంటే అక్కడి నుంచి 30 రోజుల్లో, అంటే జులై 17లోపు మొదటి అప్పీలు వేయాలి. ఈ లోపు ఎవరూ పోయి రాళ్లు పీకకుండా ఆపండి. పీకితే కేసు మన మీదికి తిరుగుతుంది. హద్దుల ఫొటోలు తేదీతో సహా ఫోనులో ఉన్నాయి.

బకాయిలు: పద్నాలుగు ఇళ్ల నెలవారీ చందా ఆగి ఉంది, జాబితా సభ్యత్వ రిజిస్టరులో మడత పెట్టి ఉంది. వాట్సాప్ గ్రూపులో పేర్లు పెట్టకండి. ఇంటికి పోయి అడిగితే ఇస్తారు, గ్రూపులో పెడితే ఆ ఇల్లు సంఘానికే దూరమవుతుంది. ఒక పెద్దమ్మ ఇంటికి కార్యవర్గమే మినహాయింపు ఇచ్చింది, తీర్మానం ఉంది. అక్కడికి వసూలుకు పోవద్దు.

వినాయక మండపం: పోలీసు అనుమతి, కరెంటు తాత్కాలిక కనెక్షను రెండింటికీ ఆగస్టులోనే దరఖాస్తు పెట్టండి. ఉత్సవ చందాకు వేరే రసీదు బుక్కు, వేరే లెక్క. సంఘం ఖాతాలో కలపొద్దు. సద్దుల బతుకమ్మ నాటికి చెరువుకట్ట దారిలో రెండు వీధిదీపాలు వెలగాలి. ఆడబిడ్డలు చీకట్లో దిగే మెట్లు అవి. అవి ఇప్పుడు కాలిపోయి ఉన్నాయి, శానిటరీ సిబ్బందికి కాదు, మున్సిపల్ ఎలక్ట్రీషియనుకు రాసి ఇవ్వాలి.

తాళాలు: బీరువాకు రెండు, ప్లాంటు గదికి రెండు, నోటీసు బోర్డుకు ఒకటి. ప్లాంటు గది రెండో తాళం ఆపరేటరు దగ్గర ఉంది, మిగిలిన నాలుగూ మీకు అప్పగించిన. ఈ పత్రం రెండు కాపీలు. ఒకటి మీకు, ఒకటి తీర్మానాల పుస్తకంతో కలిపి కుట్టడానికి. రెండింటి మీదా అధ్యక్షుల సంతకం తీసుకోండి.

ఇట్లు,
పదవి దిగుతున్న కార్యదర్శి