ట్యూషన్ ఫీజు గురించి తల్లిదండ్రులకు ఒక మనవి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

తొమ్మిది, పది తరగతుల సాయంత్రం బ్యాచ్‌కి లెక్కలు చెప్పే టీచర్‌ని రాస్తున్నాను. ఈ రోజు నవంబరు 18. మన బ్యాచ్‌లో ఉన్న 34 మందిలో 9 మంది పిల్లలవి అక్టోబరు ఫీజు ఇంకా రావాలి. వాళ్లలో ముగ్గురివి సెప్టెంబరువి కూడా ఆగి ఉన్నాయి. ఇప్పటికే కట్టినవాళ్లకు చాలా థ్యాంక్స్. మీరు కూడా డబ్బు పంపే పద్ధతి గురించి కింద రాసింది ఒకసారి చదవండి, వచ్చే నెల పనికొస్తుంది.

ఎవరు ఎంత కట్టాలో గ్రూపులో రాయను. ఆ తొమ్మిది మందికీ ఈ రాత్రి విడిగా మెసేజ్ పెడతాను. మీరు కూడా దయచేసి నాకే విడిగా జవాబు ఇవ్వండి, గ్రూపులో వద్దు. కొందరు పిల్లలు అమ్మానాన్నల ఫోన్‌లోనే హోంవర్క్ చూసుకుంటారు. అన్నీ చదువుతారు.

ఇంత పట్టింపు ఎందుకో చెప్పాలి. పోయిన గురువారం క్లాసు అయ్యాక ఒక పాప చెప్పులు వేసుకుంటున్నట్టుగా గుమ్మం దగ్గరే ఉండిపోయింది. అందరూ వెళ్లేదాకా ఆగింది. ఏదో డౌటు ఉందేమో అనుకుని పిలిచాను. "టీచర్, మా నాన్న ఫీజు పంపారా?" అంది, నేలకేసి చూస్తూ. ఆ పాపని నేను ఒక్కసారి కూడా ఫీజు అడగలేదు. ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే చెవిన పడి ఉంటుంది. ఎప్పుడూ ముందు వరసలో కూర్చుని వెంటవెంటనే డౌట్లు అడిగే పిల్ల, ఆ వారమంతా వెనక కూర్చుందని, నోరే విప్పలేదని నాకు అప్పుడు తట్టింది. చాలా బాధనిపించింది.

ఫీజు విషయం మీకూ నాకూ మధ్య ఉండాల్సింది. పిల్లల దాకా వెళ్లకూడదు. నా వైపు నుంచి క్లాసులో ఎవరినీ పేరు పెట్టి అడగను, టెస్టు ఆపను, నోట్సు ఇవ్వకుండా ఉండను. మీరు కూడా వాళ్ల ముందు ఈ టెన్షన్ పెట్టకండి. "టీచర్‌తో మేం మాట్లాడతాం, నువ్వు చదువుకో" అంటే చాలు, వాళ్లు కుదుటపడతారు.

నా ఇబ్బంది కూడా దాచకుండా చెబుతాను. మన క్లాసు జరిగే గదికి ప్రతి నెలా 5వ తేదీకల్లా అద్దె కట్టాలి. వారానికి మూడు రోజులు సైన్సు చెప్పడానికి వచ్చే సారుకి నేనే జీతం ఇవ్వాలి. ఆదివారం టెస్టు పేపర్ల జిరాక్సు ఖర్చు ఎలాగూ ఉంటుంది. ఈ నెల అద్దె కట్టాక సారుకి సగం జీతమే ఇవ్వగలిగాను. ఆయన ఏమీ అనలేదు, ఒక్క రోజు కూడా క్లాసు మానలేదు. కానీ ఆయనకీ ఇల్లు గడవాలి కదా. మిగతా సగం ఈ నెలాఖరులోపు ఇస్తానని మాటిచ్చాను. అందుకే ఈసారి గట్టిగా అడుగుతున్నాను.

అక్టోబరు ఫీజు, దాని వెనకది ఉంటే అది కూడా, నవంబరు 25లోపు పంపండి. నవంబరు ఫీజు మామూలుగా 10వ తేదీకే రావాలి గానీ, అక్టోబరు ఆగిపోయినవాళ్లు ఈ ఒక్కసారికి 30లోపు పంపినా సరే. రెండు నెలలవి ఒకేసారి కష్టమైతే ముందు పాతది పంపండి. ఆలస్యమైందని అదనంగా ఏమీ తీసుకోను.

25కి కూడా కుదరదా? అప్పుడు దయచేసి నాకు ఒక్క మాట చెప్పండి. జీతం పడలేదు, ఇంట్లో ఆసుపత్రి ఖర్చులు వచ్చాయి, ఇలాంటివి ఎవరికైనా వస్తాయి. కారణం వివరంగా చెప్పనక్కర్లేదు, ఏ తేదీకి వీలవుతుందో చెబితే చాలు. రెండు విడతలుగా ఇస్తామన్నా ఒప్పుకుంటాను. నాకు కష్టమయ్యేది ఆలస్యం కంటే ఏ జవాబూ రాకపోవడం. ఫలానా తేదీకి వస్తుందని తెలిస్తే దాన్నిబట్టి నేను సర్దుకోగలను.

ఒక పేరెంట్ అక్టోబరులో 8 రోజులు సెలవులు వచ్చాయి కదా, పూర్తి ఫీజు ఎందుకు అని అడిగారు. అడగాల్సిన మాటే. ఆ క్లాసులకు బదులుగా నాలుగు ఆదివారాలు టెస్టు తర్వాత రెండేసి గంటలు చెప్పాం, సిలబస్ ఎక్కడా వెనకబడలేదు. అందుకే పూర్తి ఫీజు. ఒంట్లో బాగాలేక ఎవరైనా రెండు వారాలకు మించి రాలేకపోతే మాత్రం చెప్పండి, ఆ నెల సగమే తీసుకుంటాను.

ఇక డబ్బు ఎలా పంపాలంటే, అన్నిటికంటే తేలిక యూపీఐ. గ్రూపులో పైన పిన్ చేసిన క్యూఆర్ కోడ్‌ని స్కాన్ చేయండి, లేదా ఈ మెసేజ్ వచ్చిన నంబరుకే పంపండి. పిన్ కొట్టే ముందు స్క్రీన్ మీద నా పేరే కనిపిస్తోందో లేదో చూసుకోండి. నోట్ రాసే చోట పిల్లల పేరు, తరగతి, ఏ నెలదో రాయండి. ఇది మాత్రం మర్చిపోవద్దు. పోయిన నెల ఒకరి ఫీజు వాళ్ల బావగారి ఫోన్ నుంచి వచ్చింది. ఆ పేరు ఎవరిదో నాకు తెలియక, కట్టేసినవాళ్లనే మళ్లీ అడిగాను. వాళ్లు నొచ్చుకున్నారు, తప్పు నాదే, క్షమాపణ చెప్పాను. పంపాక స్క్రీన్‌షాట్ కూడా పెట్టండి. అందులో 12 అంకెల రిఫరెన్స్ నంబరు కనిపించాలి. అదే రోజు రాత్రిలోపు "అందింది" అని నేను జవాబు పెడతాను. నా జవాబు రాకపోతే ఒకసారి ఫోన్ చేయండి.

మీ ఖాతాలో డబ్బు కట్ అయ్యి నాకు అందకపోతే కంగారుపడి వెంటనే రెండోసారి పంపకండి. అలా ఆగిపోయిన డబ్బు సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో మీ ఖాతాకే తిరిగి వస్తుంది. రాకపోతే ఆ రిఫరెన్స్ నంబరుతో మీ బ్యాంకుకు ఫిర్యాదు చేయవచ్చు.

ఇంకో జాగ్రత్త. ఫీజు కోసం నేను ఎప్పుడూ లింకులు పంపను, ఓటీపీ అడగను. నా పేరు చెప్పి కొత్త నంబరు నుంచి మెసేజ్ వస్తే ముందు నాకు ఫోన్ చేయండి. ఎక్కువ కట్టారు, వెనక్కి ఇస్తాం, పిన్ కొట్టండి అని ఎవరైనా అంటే అసలు నమ్మొద్దు. మనం డబ్బు తీసుకోవడానికి పిన్ కొట్టాల్సిన పనే లేదు.

బ్యాంకు ఖాతాకే వేస్తామంటే అడగండి, ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ విడిగా పంపుతాను. నగదు ఇచ్చేవాళ్లు సాయంత్రం 5:30 నుంచి 6 మధ్య, క్లాసు మొదలయ్యేలోపు వచ్చి ఇవ్వండి, అక్కడే రసీదు రాసిస్తాను. పిల్లల చేతికి మాత్రం ఇచ్చి పంపొద్దు. సెప్టెంబరులో ఒక బాబు కంపాస్ బాక్సులో, ప్రొట్రాక్టర్ కింద నాలుగు మడతలు పెట్టిన నోట్లు మూడు రోజులు అలాగే ఉండిపోయాయి. ఇవ్వడం మర్చిపోయాడు. ఇంట్లో ఇచ్చేశామనుకున్నారు, నేను రాలేదనుకున్నాను. వాడు పాపం భయంతో ఏడ్చేశాడు.

లెక్కలో ఎక్కడైనా తేడా ఉందనిపిస్తే మొహమాటపడకుండా అడగండి. రాత్రి 8:30 తర్వాత ఫోన్ ఎత్తుతాను. నా రిజిస్టరులో మీ పేజీ ఫొటో తీసి పంపుతాను, ఇద్దరం కలిసి సరిచూసుకుందాం.

వచ్చే ఆదివారం టెస్టు ఉదయం 9 గంటలకు. పదో తరగతికి త్రికోణమితి, తొమ్మిదో తరగతికి బహుపదులు. ఫీజు కట్టినా కట్టకపోయినా పిల్లలందర్నీ పంపండి.

ఇట్లు,
మీ పిల్లల లెక్కల టీచర్